కొసైన్ సూత్రంతో బెంగళూరు–చెన్నై దూరం: నాకు 290.6, నాన్నకు 278 కూడా వస్తోంది, 289 కూడా వస్తోంది. తేడా ఎక్కడ?

హెబ్బాళ్_హారిక
నాన్న రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఒంగోలు నుంచి వచ్చి నెల రోజులుగా మా దగ్గరే ఉన్నారు. నిన్న మా అబ్బాయి "తాతయ్యా, విమానం బెంగళూరు నుంచి చెన్నైకి తిన్నగా వెళ్తే ఎంత దూరం?" అని అడిగాడు. నాన్న వెంటనే తన పాత నాలుగంకెల లాగ్ టేబుల్స్ పుస్తకం తీసి గోళీయ త్రికోణమితి కొసైన్ సూత్రంతో లెక్క మొదలుపెట్టారు. నేను అదే సూత్రం లాప్‌టాప్‌లో రాశాను.

బెంగళూరు 12.97 ఉత్తరం, 77.59 తూర్పు. చెన్నై 13.08 ఉత్తరం, 80.27 తూర్పు. ఇద్దరం అవే వేసుకున్నాం.

```python
from math import radians, sin, cos, acos
p1, p2 = radians(12.97), radians(13.08)
dl = radians(80.27 - 77.59)
x = sin(p1)*sin(p2) + cos(p1)*cos(p2)*cos(dl)
print(6371 * acos(x))
```

నాకు 290.6 కి.మీ. వచ్చింది. నాన్నకు కొసైన్ విలువ 0.9990 వచ్చింది. ఆయన గుణకారాలన్నీ నేను మళ్ళీ చేసి చూశాను, ఎక్కడా తప్పు లేదు. తీరా టేబుల్లో వెనక్కి వెతికితే 2 డిగ్రీల వరుసలో 30 నిమిషాల గడిలోనూ 0.9990 ఉంది, పక్కనే 36 నిమిషాల గడిలోనూ 0.9990 ఉంది. మొదటిది తీసుకుంటే 278 కి.మీ., రెండోది తీసుకుంటే 289. నాన్న రాత్రి భోజనం దగ్గర కూడా దాని గురించే ఆలోచిస్తూ కూర్చున్నారు. "నలభై ఏళ్ళు ఈ పుస్తకంతో పాఠం చెప్పాను, ఎప్పుడూ ఇలా మోసం చేయలేదు" అంటున్నారు. ఎక్కడ పొరపాటు పడ్డాం?

సిల్క్‌బోర్డ్_సూరి
350 దాకా ఉంటుందండీ. నేను నెలకు రెండుసార్లు కారులో వెళ్తాను, హోస్కోటె మీదుగా వెళ్ళినా హోసూరు మీదుగా వెళ్ళినా 340 తగ్గదు. రైల్లో అయితే 360. 278 అన్నది ఎలా చూసినా తప్పే.

హెబ్బాళ్_హారిక
సూరి గారూ, రోడ్డు దూరం కాదండీ. భూమి ఉపరితలం మీద అతి దగ్గరి దారి, అంటే మహావృత్తం మీద దూరం.

సిల్క్‌బోర్డ్_సూరి
అయితే సరే. కానీ రోడ్డు ఎందుకు 60 కి.మీ. ఎక్కువ అవుతుందో ఇవాళ తెలిసింది, సంతోషం.

కోడ్_కిట్టు
కొసైన్ సూత్రమే తప్పు. అది వాడకూడదు. హావర్‌సైన్ సూత్రం వాడండి, అది కచ్చితమైనది.

మా ఆఫీసులో జరిగింది చెప్తాను. "దగ్గరి దుకాణాలు" పేజీకి దూరం లెక్క MySQLలో కొసైన్ సూత్రంతోనే రాశాం. టెస్టింగ్ చేసే అమ్మాయి సరిగ్గా ఒక దుకాణం ఉన్న లొకేషనే ఇచ్చి చూస్తే ఆ దుకాణం తప్ప మిగతావన్నీ లిస్టులో వచ్చాయి. అన్నిటికన్నా ముందు రావాల్సినదే లేదు! రెండు రోజులు వెతికాం. రెండు బిందువులూ ఒకటే అయినప్పుడు కూడిక 1 రావాలి కదా, చివరి అంకె గుండ్రం చేయడంలో 1 కన్నా వీసమెత్తు ఎక్కువ వస్తోంది. `ACOS`కి 1 దాటింది ఇస్తే MySQL ఏమీ గొడవ చేయకుండా NULL ఇస్తుంది. NULL అనేది "5 కి.మీ. లోపు" అన్న షరతులో నిలబడదు, ఆ దుకాణం రాలిపోయింది. కొన్ని దుకాణాలకే ఇలా అయింది, అందుకే దొరకడానికి అంత సేపు పట్టింది.

పరంగిమలై_ప్రసాద్
కిట్టు గారు చెప్పిన ఘటన నిజం, తీర్మానం మాత్రం సగమే నిజం. కొసైన్ సూత్రంలో ఏ తప్పూ లేదు. హావర్‌సైన్ సూత్రం దాన్నే తిప్పి రాసిన రూపం, కాగితం మీద రెండూ ఒకటే. తేడా అంతా అంకెలు ఎన్ని ఉంచుకుంటాం, వాటిని ఎక్కడ పోగొట్టుకుంటాం అన్నదాంట్లో ఉంది. నేను సర్వే పనిలోనే రిటైరయ్యాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

హారిక గారూ, మీ నాన్నగారిని అదే 2 డిగ్రీల వరుస మొదటి నుంచీ చదవమనండి. 0.9994, 0.9993, 0.9993, 0.9992, 0.9991, 0.9990, 0.9990, 0.9989 అని సాగుతుంది. ఒక్కో గడికి కోణం ఆరు నిమిషాలు పెరుగుతోంది, కొసైన్ మాత్రం ఒక అంకె కదులుతుంది, లేదా అసలు కదలదు. ఇప్పుడు పేజీ తిప్పి 60 డిగ్రీల వరుస చూడమనండి. 0.5000 తర్వాత గడి 0.4985. ఒక్క గడికి పదిహేను అంకెలు దిగింది.

కొండ నెత్తిన చదునుగా ఉన్న చోట నాలుగడుగులు వేస్తే ఎత్తు మారదు. అక్కడ ఎత్తు చూసి ఎన్నడుగులు నడిచానో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. వాలు మీదికి వచ్చాక ఒక్క అడుగుకే తెలిసిపోతుంది. సున్నా డిగ్రీల దగ్గర కొసైన్ కొండ నెత్తి. బెంగళూరు, చెన్నై మధ్య భూకేంద్రం దగ్గర ఏర్పడే కోణం 2.61 డిగ్రీలే, అంటే మనం ఇంకా నెత్తి మీదే ఉన్నాం. నాలుగంకెల్లో 0.9990 అంటే అసలు విలువ 0.99895 నుంచి 0.99905 దాకా ఏదైనా కావచ్చు. దూరంలోకి మారిస్తే అది దాదాపు 278 నుంచి 292 కి.మీ. దాకా. మీ 290.6 ఆ మధ్యలోనే ఉంది. కాబట్టి నాన్నగారు తప్పు చేయలేదు. ఆయన టేబుల్ ఆ ప్రశ్నకు అంతకన్నా సన్నగా జవాబు చెప్పలేదు, అంతే.

అదే చెన్నై నుంచి లండన్‌కు లెక్క వేయమనండి. కోణం 74 డిగ్రీల దాకా వస్తుంది, దూరం 8,200 చిల్లర. అదే పుస్తకం, అదే సూత్రం, కొద్ది కిలోమీటర్ల తేడాలో జవాబు ఇస్తుంది.

హెబ్బాళ్_హారిక
ప్రసాద్ గారూ, ఇది నాన్నకు చదివి వినిపించాను. 60 డిగ్రీల వరుస తీసి వేలు పెట్టి చూశారు, తర్వాత మళ్ళీ 2 డిగ్రీల వరుసకు వచ్చారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పాఠంలో ఎప్పుడూ 30, 45, 60 లెక్కలే ఇచ్చాను కదా, అందుకే కనపడలేదు" అన్నారు.

జయనగర్_జానకి
నాకు ఇంకో రకం తేడా వస్తోంది. బీఎస్సీ చదువుతున్నాను. మా నోట్సులో సూత్రం cos c = cos a cos b + sin a sin b cos C అని ఉంది. a, b చోట్ల రెండు అక్షాంశాలు, C చోట రేఖాంశాల తేడా పెట్టాను. 68 కి.మీ. వచ్చింది. హారిక అక్క కోడ్‌లో సైన్లు ముందు, కొసైన్లు తర్వాత ఉన్నాయి. ఏది కరెక్ట్?

పరంగిమలై_ప్రసాద్
రెండూ కరెక్టేనమ్మా. నువ్వు పెట్టిన విలువలే వేరే. ఆ త్రిభుజానికి మూడు మూలలు: బెంగళూరు, చెన్నై, ఉత్తర ధ్రువం. a, b అంటే ఊరి నుంచి ధ్రువానికి ఉన్న దూరాలు, అవి అక్షాంశాలు కావు, 90లోంచి అక్షాంశం తీసేస్తే వచ్చేవి. బెంగళూరుకు 77.03, చెన్నైకి 76.92. 90లోంచి తీసేసినప్పుడు సైన్ కొసైన్ అవుతుంది, కొసైన్ సైన్ అవుతుంది. అందుకే హారిక కోడ్‌లో అవి తారుమారుగా కనిపిస్తున్నాయి.

నీకు వచ్చిన 68 కి.మీ. కూడా ఒక నిజమైన దూరమే. ధ్రువానికి 13 డిగ్రీల దూరంలో, మంచులో ఉన్న రెండు చోట్ల మధ్య దూరం అది. అక్కడ రేఖాంశాలు దగ్గరపడిపోతాయి కదా. ఈ పొరపాటు ప్రమాదకరం, ఎందుకంటే జవాబు నమ్మేలా కనిపిస్తుంది. పట్టుకోవడానికి ఒక చిన్న పద్ధతి ఉంది. ఒకే రేఖాంశం మీద రెండు బిందువులు పెట్టి చూస్తే రెండు విధాలా సరిగ్గానే వస్తుంది, కాబట్టి అలా పరీక్షించవద్దు. భూమధ్యరేఖ మీద ఒక డిగ్రీ రేఖాంశం తేడాతో రెండు బిందువులు పెట్టు. 111.2 రావాలి. నీ పద్ధతిలో సున్నా వస్తుంది.

జయనగర్_జానకి
సున్నానే వచ్చింది సార్! ఇప్పుడు అర్థమైంది. నోట్సులో త్రిభుజం బొమ్మ ఉంది కానీ పైమూల ధ్రువం అని ఎక్కడా రాసిలేదు.

కోరమంగల_మధు
కొండ నెత్తి సంగతి నేను ఇంజనీరింగ్ ప్రాజెక్టులో అనుభవించాను. కాలేజీ బస్సులో తర్వాతి స్టాప్ పేరు స్పీకర్‌లో చెప్పే పెట్టె చేశాం. ఆర్డుయినో ఊనో, ఒక జీపీఎస్ మాడ్యూల్. దూరానికి కొసైన్ సూత్రం. టేబుల్ మీద వేరే వేరే ఊళ్ళు పెట్టి పరీక్షిస్తే బాగానే వచ్చింది. బస్సులో పెట్టాక స్టాప్ ఇంకా కిలోమీటరు పైన ఉండగానే దూరం 0 అని చూపించి స్టాప్ పేరు చెప్పేసేది. వెనకబెంచీ వాళ్ళు బ్యాగులు తగిలించుకుని తలుపు దగ్గరికి వచ్చి ట్రాఫిక్‌లో నిలబడేవాళ్ళు.

సీరియల్ మానిటర్‌లో చూస్తే దూరం 3.1, తర్వాత 2.2, ఆ తర్వాత ఒకేసారి 0. మధ్యలో ఏమీ లేదు. జీపీఎస్ పాడైందనుకుని మాడ్యూల్ మార్చాం, డబ్బులు పోయాయి. వేరియబుల్ `double` అని రాశాం కాబట్టి అంకెల మీద అనుమానమే రాలేదు. కానీ ఊనోలో `double` అని రాసినా అది 4 బైట్లే, `float` ఎంతో అదీ అంతే.

పరంగిమలై_ప్రసాద్
మధు గారూ, మీ 2.2 ఎక్కడిదో చెప్తాను. 4 బైట్ల సంఖ్యల్లో 1కి ముందున్న సంఖ్య 1 కన్నా సుమారు కోటిలో 0.6 వంతు తక్కువ. ఆ రెంటి మధ్య ఇంకో సంఖ్య లేదు. ఆ ముందు సంఖ్యకు కోణం కనుక్కుంటే 0.000345 రేడియన్, 6371తో గుణిస్తే 2.2 కి.మీ. ఇంకో మెట్టు దిగితే 3.1. మీ బస్సు ఆ మెట్ల మీదే దూకింది. కిలోమీటరున్నర లోపుకు వచ్చేసరికి కొసైన్ విలువ గుండ్రం అయి 1 అయిపోతుంది, దూరం సున్నా. నాన్నగారి టేబుల్లో రెండు గడుల్లో ఒకే 0.9990 ఉండడం, మీ బస్సు దూకడం, రెండూ ఒకే జబ్బు.

కోరమంగల_మధు
హావర్‌సైన్ పెట్టాక కుదిరింది. ఎందుకు కుదిరిందో ఇవాళ తెలిసింది.

కోడ్_కిట్టు
నేను చెప్పింది అదే కదా, హావర్‌సైన్ వాడమని.

హార్బర్_రమణ
ఓడల్లో పనిచేసినవాణ్ణి, ఇప్పుడు రాయపురంలో ఉంటున్నాను. హావర్‌సైన్ అన్న పేరు మా వాళ్ళదే. జేమ్స్ ఇన్మన్ అనే ఆయన 1835లో నావికుల కోసం ఆ మాట వాడుకలోకి తెచ్చాడు. కోణంలో సగం తీసుకుని, దాని సైన్‌ను వర్గం చేస్తే అదే హావర్‌సైన్. మా నాటికల్ టేబుల్స్‌లో దానికి పేజీలకు పేజీలు ఉండేవి. అది ఎప్పుడూ మైనస్ అవదు కాబట్టి లాగ్ తీయడానికి భయం లేదు. కొసైన్ అయితే 90 దాటితే మైనస్, రాత్రి డ్యూటీలో గుర్తు తప్పు వేస్తే ఓడ ఎక్కడో తేలుతుంది.

ఇంకో మాట. మాకు కిలోమీటర్లతో పని లేదు. కోణం 2 డిగ్రీల 36.8 నిమిషాలు అంటే 156.8 నాటికల్ మైళ్ళు, నిమిషానికి ఒకటి. వ్యాసార్థంతో గుణించే పనే లేదు. 1.852తో గుణిస్తే 290.4 కి.మీ. వస్తుంది. హారిక గారి 290.6 కొంచెం ఎక్కువ.

పరంగిమలై_ప్రసాద్
రమణ గారూ, ఆ తేడా వ్యాసార్థానిది. 1.852 వాడితే భూమి వ్యాసార్థం దాదాపు 6366.7 అనుకున్నట్టు. హారిక 6371 వాడింది. అసలు భూమి గుండ్రంగా లేదు, భూమధ్యరేఖ దగ్గర ఉబ్బి ఉంది. మన అక్షాంశంలో తూర్పు–పడమరగా కొలిస్తే ఆ దిశలో వంపు వ్యాసార్థం 6379 దాకా ఉంటుంది, అప్పుడు 291.0 వస్తుంది. అదే ఉత్తర–దక్షిణంగా అయితే 6339 దగ్గరకు తగ్గుతుంది. గోళం అనుకున్నాక అర శాతం దాకా తేడా ఉండొచ్చని ముందే ఒప్పుకోవాలి.

పైగా అందరం రెండు దశాంశాలే తీసుకున్నాం. డిగ్రీలో నూరో వంతు అంటే కిలోమీటరు పైనే. బెంగళూరు అంటే ఏ చోటు, విధాన సౌధా, మెజెస్టిక్ బస్టాండా అన్నది తేల్చకుండా 290.4, 290.6 అని వాదించుకోవడంలో అర్థం లేదు.

హార్బర్_రమణ
ఒప్పుకోను. నిమిషం అంటే మైలు అన్న లెక్కతోనే జీవితమంతా రేవులు చేరుకున్నాం. 6371 మాత్రం ఎవరు పెట్టారు?

పరంగిమలై_ప్రసాద్
అది సగటు వ్యాసార్థం. మీ పనికి మీది సరిపోతుంది, కాదనను.

ఇక హారిక గారూ, నాన్నగారితో ఒక పని చేయించండి. అదే పుస్తకం, అదే నాలుగంకెలు. అక్షాంశాల తేడా 0.11, అందులో సగం 3.3 నిమిషాలు, దాని సైన్. రేఖాంశాల తేడా 2.68, అందులో సగం 1 డిగ్రీ 20.4 నిమిషాలు, దాని సైన్. రెండూ వర్గం చేయాలి. రెండోదాన్ని రెండు అక్షాంశాల కొసైన్లతో గుణించి మొదటిదానితో కలపాలి. వర్గమూలం తీసి, సైన్ టేబుల్లో వెనక్కి వెతికి, వచ్చిన కోణాన్ని రెట్టింపు చేయాలి. మధ్యలో సున్నాల తర్వాత వచ్చే అంకెలు నాలుగు ఉంచమనండి, దశాంశం నుంచి నాలుగు కాదు.

హెబ్బాళ్_హారిక
చేశారు! పాత క్యాలెండర్ కాగితం వెనక, నా కళ్ళ ముందే. సైన్లు 0.0010, 0.0234. వర్గాలు 0.000001, 0.0005476. కొసైన్ల గుణకారం 0.9493. రెండోదాన్ని దానితో గుణిస్తే 0.0005198. కలిపితే 0.0005208. వర్గమూలం 0.0228. టేబుల్లో 1 డిగ్రీ 18 నిమిషాల దగ్గర 0.0227 ఉంది, ఆ ఒక్క అంకె కోసం నిమిషంలో మూడో వంతు కలిపారు. రెట్టింపు చేస్తే 2 డిగ్రీల 36 నిమిషాల 40 సెకన్లు. 111.2తో గుణిస్తే 290.4!

నాలుగంకెల పుస్తకంతోనే 290 వచ్చింది. నాన్న ఆ కాగితం మడిచి పుస్తకంలోనే పెట్టుకున్నారు.

పరంగిమలై_ప్రసాద్
చాలా బాగుంది. ఇక్కడ సైన్‌లో చివరి అంకె ఒకటి మారితే దూరం 1.3 కి.మీ. మారుతుంది. కొసైన్ టేబుల్లో 0.9990 నుంచి 0.9989కి మారితే 14 కి.మీ. మారుతుంది. సున్నా దగ్గర సైన్ ఎక్కుడు మీద ఉంటుంది కాబట్టి ప్రతి అడుగూ కనిపిస్తుంది.

మా కొండ గురించి ఒక్క మాట. ఈ పరంగిమలై దగ్గరే 1802లో సర్వేయర్ లాంబ్టన్ తన ఆధార రేఖ కొలిచాడు, దాదాపు ఏడున్నర మైళ్ళు, అంటే 12 కి.మీ. ఆ దూరానికి కొసైన్ 0.9999982. ఏడంకెల టేబుల్ ఉన్నా అందులో పనికొచ్చేవి చివరి రెండే. ఒక అంకె మారితే 300 మీటర్ల పైన తేడా. అంత ఓపికగా గొలుసు పరిచి కొలిచిన రేఖను ఈ సూత్రంలో పెడితే కొలిచిన ఫలితమంతా పోతుంది. సర్వే త్రిభుజాలకు ఈ రూపం పనికిరానిది అందుకే.

కోడ్_కిట్టు
ఇప్పుడు నా ప్రశ్న. 8 బైట్ల సంఖ్యలు వాడితే కొసైన్ సూత్రం ఉంచేసుకోవచ్చా, లేదా? మా కోడ్‌లో పాతవి ఇంకా నలభై చోట్ల ఉన్నాయి.

పరంగిమలై_ప్రసాద్
8 బైట్లలో ఆ మొదటి మెట్టు 10 సెంటీమీటర్ల లోపే. దుకాణాల లిస్టుకు ధారాళంగా చాలు. `ACOS(LEAST(1, ...))` అని ఒక్క అడ్డుకట్ట వేస్తే మీ NULL పోతుంది.

కోరమంగల_మధు
నేనైతే అడ్డుకట్టను నమ్మను. రేపు ఎవరో వేగం కోసం 4 బైట్లకు మారుస్తారు, అప్పుడు దుకాణాలన్నీ సున్నా దూరంలో ఉంటాయి. అసలు సూత్రమే మార్చేయాలి.

కోడ్_కిట్టు
నలభై చోట్ల మార్చి మళ్ళీ టెస్టింగ్ చేయించాలంటే మా మేనేజర్ ఒప్పుకోవాలి. ఈ వారానికి `LEAST` పెడతాను. తర్వాత చూస్తాను.

హెబ్బాళ్_హారిక
నాన్న తెల్లవారుజామునే లేచి సైన్ టేబుల్ చివరి పేజీ తీసి కూర్చున్నారు. 89 డిగ్రీల 30 నిమిషాల నుంచి చివరిదాకా అన్ని గడుల్లోనూ 1.000 ఉంది అట. "మరి సరిగ్గా భూమికి అవతలి వైపు ఉన్న ఊరికి లెక్క వేస్తే హావర్‌సైన్ కూడా ఇలాగే చేస్తుంది కదా? సగం కోణం 90 దగ్గరికి వెళ్తుంది" అని అడగమన్నారు.

పరంగిమలై_ప్రసాద్
అవును, సరిగ్గా పట్టుకున్నారు. బెంగళూరుకు అవతలి వైపు పసిఫిక్ సముద్రంలో పడుతుంది. ఆ బిందువు చుట్టూ 111 కి.మీ. లోపల ఎక్కడున్నా ఆయన టేబుల్‌కు ఒకటే. అక్కడ కొసైన్ సూత్రం కూడా ఆదుకోదు, 180 దగ్గర అదీ చదునే. సైన్‌నూ కొసైన్‌నూ విడివిడిగా లెక్కించి, ఒకదానితో ఒకటి భాగించి టాంజెంట్ నుంచి కోణం తీసే రూపం ఉంది, అది ఎక్కడా మొండికేయదు. కంప్యూటర్లో `atan2` అంటారు.

హెబ్బాళ్_హారిక
టాంజెంట్ పేజీ తీసేశారు.